మేకు కొట్టకుండా అద్దె ఇంటిని అమర్చుకోవడం: హుక్కు కంటే ముందు గోడను చూడాలి

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో ఈమధ్యే అద్దెకు దిగాం. గోడలకు మేకులు కొట్టవద్దని ఇంటివారు ముందే చెప్పారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన అతికించే హుక్కులు వారం తిరగకముందే గోడ రంగుతో సహా ఊడిపడ్డాయి. పడకగదిలో పడమటి కిటికీకి కర్టెన్, మంచానికి దోమతెర, హాల్లో క్యాలెండరు, వంటింట్లో గరిటెలు తగిలించుకోవాలి. గోడ చెడకుండా ఇవన్నీ ఎలా అమర్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

ఊడిపడిన హుక్కులను ఇంకా పారేయకుండా ఉంటే ముందు వాటి వెనుక భాగాన్ని వెలుతురులో పరిశీలించండి. ఒంగోలు, నెల్లూరు ఇళ్ళలో కర్టెన్లు, లోపలి అమరికల పని చాలా కాలంగా చేయిస్తున్నాను. హుక్కు ఎందుకు ఊడిందో గోడ కంటే దాని వెనుక ఉన్న జిగురు పట్టీయే స్పష్టంగా చెబుతుంది. జిగురు మీద పిండి చల్లినట్లు తెల్లటి పొడి సమానంగా అంటుకొని ఉంటే అది సున్నం గానీ, పాతబడిన డిస్టెంపర్ గానీ అయి ఉంటుంది. ఆ గోడను అరచేత్తో రుద్దినా చేతికి అంటుతుంది. పొడి కాకుండా రంగు పెచ్చు ఊడివచ్చి, దాని వెనుక తెల్లటి లప్పం కూడా కనిపిస్తే జిగురు బాగానే పట్టిందని అర్థం. అక్కడ గోడను వదిలింది లప్పం పొర. జిగురు శుభ్రంగా, మెరుస్తూ ఉండి ఏమీ అంటకపోతే మాత్రం లోపం అతికించిన తీరులో ఉంది. అక్కడ నూనె జిడ్డో చెమ్మో ఉండి ఉంటుంది, లేదా సరిగా నొక్కకుండానే బరువు తగిలించి ఉంటారు.

మీరు రంగుతో సహా ఊడిందన్నారు కనుక మొదటిదో రెండోదో అయి ఉండాలి. ఈ రెంటిలో ఏదైనా సరే, ఇంకా ఖరీదైన హుక్కు కొనడం వల్ల ప్రయోజనం లేదు. అతికించే హుక్కు బరువును గోడ మోయదు, గోడ మీద ఉన్న అన్నిటికంటే పైపొర మోస్తుంది. ఇటుక, దాని మీద సిమెంటు పూత, దాని మీద లప్పం, ఆపైన రంగు ఉంటే, వీటిలో ఏ పొర బలహీనంగా ఉందో అక్కడే తెగుతుంది. జిగురు ఎంత బలంగా ఉంటే అంత పెద్ద పెచ్చు ఊడివస్తుంది. అందువల్ల మెత్తటి గోడకు బలమైన జిగురు మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

గోడను పరీక్షించడానికి పార్సిళ్ళకు వేసే గోధుమరంగు టేపు చాలు. తలుపు వెనుకో బీరువా పక్కనో, ఎవరికీ కనబడని చోట జానెడు ముక్కను అతికించి, బొటనవేలితో గట్టిగా రుద్ది, ఒక గంట ఆగి, గోడకు ఆనించినట్టుగా నెమ్మదిగా వెనక్కి లాగండి. టేపు శుభ్రంగా వస్తే ఆ గోడ మీద తేలికపాటి హుక్కులు నిలుస్తాయి. పొడి అంటితే ఆ గోడను అతికించే వాటి జాబితా నుంచి తీసేయండి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూస్తే ఇంకొంత తెలుస్తుంది. గుడ్డకు రంగు దిగితే డిస్టెంపర్, దిగకపోతే ఎమల్షన్ అనుకోవచ్చు. అద్దెకిచ్చే ఇళ్ళలో హాలుకు ఎమల్షన్ వేసి, పడకగదులకు డిస్టెంపర్‌తో సరిపెట్టడం మామూలే కనుక ప్రతి గదినీ విడిగా పరీక్షించాలి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకూ, బాత్రూముకు అవతలి వైపున్న గోడకూ ఏమీ అతికించకండి. అక్కడ చెమ్మ పైకెక్కి, రంగు కింద ఉప్పు పొంగి ఉంటుంది. ఉప్పునీటి బోర్లున్న వీధుల్లో ఇది మరీ ఎక్కువ.

ఇలా పరీక్షించి చూస్తే మన ఇళ్ళలో అతికించడానికి పనికివచ్చేవి గోడల కంటే ఇతర భాగాలే ఎక్కువని తేలుతుంది. వంటింటి టైల్స్, గట్టు గ్రానైట్, ఎనామిల్ రంగు వేసిన ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, లామినేట్ వేసిన తలుపులు, ఇనుప బీరువా, ఇవన్నీ గట్టివి, నునుపైనవి. నేను ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల కంటే ముందు వీటినే లెక్క పెట్టుకుంటాను. మీరు అడిగిన నాలుగు అవసరాల్లో ఒక్క క్యాలెండరు తప్ప మిగతా మూడింటికి గోడ అవసరమే లేదు.

మొదట కర్టెన్ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే జనం ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. కర్టెన్‌కు అతికించే హుక్కుల మీద రాడ్ పెట్టే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. కర్టెన్‌ను రోజూ పక్కకు లాగుతారు. ఆ లాగుడు హుక్కు పైఅంచును గోడ నుంచి ఎడంగా లేపుతుంది, అతికించినవి ఊడడం ఎప్పుడూ పైఅంచు దగ్గరే మొదలవుతుంది. టెన్షన్ రాడ్ అలా కాదు. అది ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలతో ఉండి, లోపలి స్ప్రింగు గానీ తిప్పి బిగించే మర గానీ చివళ్ళను రెండు వైపులా నెడుతూ, రబ్బరు బిళ్ళల రాపిడితో నిలుస్తుంది. జిగురు లేదు, మేకు లేదు. అయితే ఎదురెదురుగా రెండు గట్టి ముఖాలు ఉండాలి, కనుక అది కిటికీ లోపలే నిలబడుతుంది తప్ప, కిటికీ పైన గోడ మీద నిలబడదు.

మన పాత తరహా ఇళ్ళలో కర్ర కిటికీ చట్రం మధ్యలో ఊచలుండి, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. ఊచలకు ఇవతల, గది వైపు, చట్రం మందంలో అంగుళమో అంగుళంన్నరో ఖాళీ మిగులుతుంది. రాడ్‌కు అన్నిటికంటే మంచి చోటు అదే. కర్రకు కర్ర ఎదురుగా ఉంటుంది, నొక్కుడుకు లోపలికి దిగదు. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కనుక కర్టెన్ అడ్డం రాదు. చట్రం గోడ బయటి అంచుకు ఉంటే, లోపలి వైపు నాలుగైదు అంగుళాల లోతున పూసిన గోడ పక్కలు కనబడతాయి. అక్కడ కూడా రాడ్ పెట్టవచ్చు గానీ, పూత మూలకు కనీసం రెండు అంగుళాలు లోపలికి పెట్టాలి. అంచుకు దగ్గరగా బిగిస్తే మూల పూత విరిగి పడుతుంది, ఆ మూలను మళ్ళీ సరిచేయడం మేకు రంధ్రం పూడ్చడం కంటే కష్టమైన పని. కొత్త అపార్ట్‌మెంట్లలో జారే అద్దాల కిటికీలకు చుట్టూ గ్రానైట్ పలకలు వేస్తున్నారు. మీది అటువంటిదైతే అదృష్టమే అనుకోండి, రాడ్‌కు అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

మీ కిటికీ నాలుగడుగులదని అనుకొని లెక్క వేసి చూపిస్తాను. టేపుతో పైన, నడుమ, కింద మూడు చోట్లా లోపలి వెడల్పు కొలవండి. కర్ర చట్రాలు ఒకవైపు కొద్దిగా వంగి ఉండడం సాధారణం కనుక, రాడ్ నిలిచే ఎత్తులో వచ్చిన కొలతనే తీసుకోవాలి. అది 122 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అంగడిలో రాడ్‌ల మీద ఇంత నుంచి ఇంత వరకు సాగుతుందని రాసి ఉంటుంది. 80 నుంచి 130 వరకు సాగేదీ, 110 నుంచి 200 వరకు సాగేదీ రెండూ మీ కిటికీకి సరిపోయేట్టే కనిపిస్తాయి. మొదటిదాన్ని దాదాపు చివరి వరకు సాగదీయాల్సి వస్తుంది కనుక రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి కొద్దిగానే దూరి ఉండి, ఆ అతుకు దగ్గరే రాడ్ వంగుతుంది. నడుమ వంగితే చివళ్ళ బిళ్ళలు వాలిపోతాయి, వాలిన బిళ్ళ అంచు మాత్రమే ఆనుతుంది, అప్పుడు జారుతుంది. రెండోదైతే గొట్టాలు చాలా వరకు ఒకదానిలో ఒకటి ఉంటాయి కనుక గట్టిగా నిలుస్తుంది. అందువల్ల మీ కొలత ఆ రాడ్ పరిధిలో చిన్న సంఖ్యకు దగ్గరగా ఉండేదాన్నే తీసుకోండి. నాలుగడుగుల కిటికీకి లావుపాటి గొట్టం, సుమారు అంగుళం వ్యాసం ఉన్నది మేలు. పెన్సిలంత సన్నని రాడ్‌లు అలమరా తెరలకు, సింకు కింద గుడ్డలకు మాత్రమే.

బరువు కూడా ముందే లెక్క వేసుకోండి. 1.2 మీటర్ల వెడల్పు కిటికీకి మడతలు అందంగా పడాలంటే గుడ్డ దానికి రెట్టింపు వెడల్పు, అంటే 2.4 మీటర్లు కావాలి. ఎత్తు మీటరున్నర అనుకుంటే 3.6 చదరపు మీటర్ల గుడ్డ అవుతుంది. మామూలు నూలు గుడ్డ చదరపు మీటరుకు 150 గ్రాములు తూగితే మొత్తం అరకిలోకు కొంచెం ఎక్కువ. ఎండ ఆపే మందపాటి గుడ్డ దానికి రెట్టింపు తూగుతుంది, కిలో దాటుతుంది. పడమటెండ కోసం మందపాటిదే కావాలని మీకు అనిపించడం సహజం. నా సలహా అయితే, రాడ్ మీద తేలికపాటి లేతరంగు నూలు కర్టెన్ వేసి, ఎండను కిటికీ బయటి వైపే ఆపుకోండి. వట్టివేళ్ళ తడికో వెదురు చాపో ఊచలకు తాడుతో కట్టుకోవచ్చు, దానికీ మేకు అక్కర్లేదు. రెక్కలు తెరిచి ఉంచుకోవాల్సి వస్తుందన్నది ఒక్కటే దీని ఇబ్బంది.

బిగించే పద్ధతి రాడ్ రకాన్ని బట్టి ఉంటుంది. స్ప్రింగ్ రకమైతే కిటికీ వెడల్పు కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేట్టు సాగదీసి తిప్పి బిగించి, తర్వాత ఒక చివర ఆనించి, స్ప్రింగ్‌ను నొక్కుతూ రెండో చివరను చోటులోకి తేవాలి. మర రకమైతే కొలతకు సరిగ్గా పెట్టి, చివరి బిళ్ళ దగ్గర తిప్పుతూ బిగించాలి. చేత్తో నడుమ పట్టుకొని కిందికి లాగితే కదలకపోతే చాలు, అంతకు మించి బిగించకండి. కర్ర మీద పర్వాలేదు గానీ, లప్పం పూసిన గోడ మీద అతిగా బిగిస్తే బిళ్ళ ఆకారంలో గుంట పడుతుంది. నల్ల రబ్బరు బిళ్ళలుంటే మరో సంగతి గమనించాలి. ఆ రబ్బరు లేతరంగు మీద నెలల తరబడి నొక్కుకొని ఉంటే పసుపురంగో గోధుమరంగో మచ్చ దిగుతుంది, అది కడిగితే పోదు. అందువల్ల బిళ్ళకూ గోడకూ మధ్య రూపాయి నాణెం కంటే కొంచెం పెద్దదిగా కత్తిరించిన పలుచని కార్క్ ముక్క పెట్టండి. అది నొక్కుడును పరుస్తుంది, జారనివ్వదు, మచ్చా పడనివ్వదు. కార్క్ దొరకలేదని సైకిల్ ట్యూబు ముక్క పెడుతుంటారు, మచ్చ విషయంలో అది అన్నిటికంటే చెడ్డది.

రాడ్ పెట్టాక బిళ్ళ కింది అంచు వెంట పెన్సిల్‌తో కనీకనబడని గీత ఒకటి గీయండి. వారం తర్వాత చూస్తే బిళ్ళ గీత మీదనే ఉందో, ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగిందో తెలుస్తుంది. దిగితే దించి, మళ్ళీ బిగించండి. కొత్త రబ్బరు మొదటి రోజుల్లో కొంత అణుగుతుంది కనుక ఒకసారి దిగడం దోషం కాదు. రెండోసారి కూడా దిగితే బరువు ఎక్కువైనట్టో, పక్కలు సమాంతరంగా లేనట్టో భావించాలి. పిల్లలున్న ఇంట్లో కర్టెన్ పట్టుకొని ఊగితే ఏ టెన్షన్ రాడూ నిలవదు, దాన్ని ముందే తెలుసుకొని మంచాన్ని కిటికీకి కొంచెం ఎడంగా వేసుకోవాలి.

దోమతెరకు నాలుగు మూలలా నాలుగు హుక్కులు అతికించే ప్రయత్నం మానండి. నెల్లూరులో దోమతెర లేకుండా నిద్రపోలేమని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను, రోజూ పొద్దున ఎత్తి సాయంత్రం దించే తెర, హుక్కును పక్కకు లాగుతుంది, అది మొదటి నెలలోనే ఊడుతుంది. దానికి బదులు ప్లంబింగ్ సామాన్ల కొట్లో అర అంగుళం పీవీసీ గొట్టం తీసుకొని, ఒక్కొక్కటి ఆరడుగుల చొప్పున నాలుగు ముక్కలు కోయించండి. మంచం నాలుగు కాళ్ళకూ ఆనించి, ఒక్కో కాలికి కిందొకటి పైనొకటి చొప్పున ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించండి. పైన నాలుగు మూలలకూ మోచేయి ముక్కలు పెట్టి అడ్డగొట్టాలతో చతురస్రం కడితే తెర మొత్తం దాని మీద నిలుస్తుంది. మూలలో నిలువు గొట్టంతో పాటు రెండు అడ్డగొట్టాలు కలుస్తాయి కనుక మామూలు మోచేయి కాకుండా మూడు నోళ్ళ మోచేయి అడగండి. గొట్టాలకు జిగురు పూయకుండా దూర్చి వదిలేస్తే ఇల్లు మారేటప్పుడు విప్పి కట్టగట్టుకుపోవచ్చు. మంచానికి కాళ్ళు లేకుండా పెట్టెలాంటి దివాను అయితే, మడిచి తెరిచే గుడారం రకం తెర కొనుక్కోవడమే సులువు.

వంటింట్లో గరిటెలకు టైల్స్ మీద అతికించే హుక్కులు నిక్షేపంగా పనిచేస్తాయి, కాకపోతే పొయ్యి చుట్టూ ఉన్న టైల్స్ మీద కంటికి కనబడని నూనె పొర ఉంటుంది. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవాలి. సెల్‌ఫోను రిపేరు చేసేవాళ్ళు వాడేది అదే, మందుల షాపుల్లో కూడా అడిగి చూడండి. వాసన వేసిన నేల లోషన్లతో తుడవకండి, అవి తుడిచిన చోట పలుచని పొర వదులుతాయి, జిగురు దాన్ని పట్టుకుంటుంది తప్ప టైలును కాదు. హుక్కును ఒక టైలు నడిమధ్య అతికించాలి, రెండు టైల్స్ అతుకు మీద కాదు. అతికించాక అర నిమిషం పాటు గట్టిగా నొక్కి పట్టుకొని, కనీసం గంట ఆగి, వీలైతే మరుసటి రోజు బరువు తగిలించండి. పొయ్యికి అడుగున్నర దూరంలోపు ఏమీ వద్దు. ఇటువంటి పట్టీల ప్యాకెట్ల మీద 40 డిగ్రీల వేడి వరకే వాడమని రాసి ఉంటుంది. రోహిణీకార్తెలో మన ఊళ్ళ నీడలోనే అది దాటుతుంది, ఇక పొయ్యి సెగ, పడమటెండ తగిలే గోడ సంగతి చెప్పనక్కర్లేదు. వేడికి జిగురు మెత్తబడి హుక్కు నెమ్మదిగా కిందికి జారుతుంది. టైలు మీద హుక్కు పైన సన్నని జిగురు చార కనబడితే ఊడే లోపే బరువు తీసి, దాన్ని చల్లని చోటికి మార్చండి.

ప్యాకెట్ మీద రాసిన బరువును నేను సగానికే లెక్క వేస్తాను. ఆ అంకె నునుపైన గట్టి ఉపరితలానికి, గోడకు ఆనుకొని కదలకుండా వేలాడే వస్తువుకు చెప్పినది. సంచిలాగా ముందుకు పొడుచుకు వచ్చేదైనా, చేత్తో తీస్తూ పెడుతూ ఉండేదైనా పైఅంచును లేపుతుంది. అందుకే గోడకు అతుక్కుపోయినట్టుండే చిన్న ముక్కు హుక్కు, పొడుగాటి ముక్కు హుక్కు కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

హాల్లో క్యాలెండరుకు టేపు పరీక్ష నెగ్గిన గోడే ఉంటే, లాగితే సాగే పట్టీ ఉన్న చిన్న హుక్కు ఒకటి చాలు. పరీక్షలో పొడి వచ్చిందంటే తలుపు చట్రానికో బీరువా పక్కకో మార్చుకోండి. బీరువాకు అయస్కాంతపు హుక్కు పెడితే అతికించే పనే ఉండదు. దేవుడి పటాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. అద్దం ఉన్న పటాన్ని మనిషి తల మీదుగా, పీట మీద కూర్చునే చోటికి పైన, జిగురుతో వేలాడదీయకండి. వాటికి అలమరాలో అరనో చిన్న బల్లనో కేటాయించి నిలబెట్టుకోవడమే క్షేమం. గోడ మీదే ఉండాలనుకుంటే ఇంటివారిని అడిగి, ఇదివరకే ఉన్న పాత మేకు రంధ్రంలో ఒక్క స్క్రూ వేయించుకోండి. మీ గోడ నిజంగా సున్నం గోడే అయితే పదిచోట్ల పెచ్చులూడడం కంటే ఆ ఒక్క రంధ్రమే వారికీ నష్టం లేని పద్ధతి, ఈ మాట చెబితే ఒప్పుకునే ఇంటివారే ఎక్కువ.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మన వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. ఆ నెలల్లో డిస్టెంపర్ గోడ చెమ్మ పీల్చుకొని మెత్తబడి ఉంటుంది కనుక అప్పుడు గోడల మీద కొత్తగా ఏమీ అతికించకండి. సంక్రాంతి తర్వాతి పొడి రోజులు దీనికి బాగుంటాయి. మీరు దిగే ముందు గోడలకు రంగు వేయించి ఉంటే కనీసం ఒక వారం ఆగాలి, రంగు చేతికి అంటకపోయినా లోపల ఇంకా ఆరుతూనే ఉంటుంది.

ఇక తీసేటప్పటి జాగ్రత్త. గోడలు చెడేది తగిలించేటప్పటి కంటే ఇల్లు ఖాళీ చేసే రోజు హడావుడిలోనే ఎక్కువ. సాగే పట్టీ ఉన్న హుక్కు అయితే బరువు తీసి, హుక్కును ఒక చేత్తో తేలికగా పట్టుకొని, పట్టీ కింది తోకను గోడకు ఆనించినట్టుగా నేరుగా కిందికి, నెమ్మదిగా లాగాలి. అది జానెడు కంటే ఎక్కువ సాగి, చివరికి తనంతట తానే వదులుతుంది. అప్పటి వరకు ఆగాలి. తోకను మన వైపు లాగితే రంగు పెచ్చుతో సహా వస్తుంది. తోక మధ్యలో తెగితే, లేదా మీరు కొన్నది తోకే లేని నురుగు టేపు రకమైతే, జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌తో అర నిమిషం వెచ్చబెట్టి, గాలపు నైలాన్ దారాన్ని హుక్కు వెనుక పై నుంచి దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ కోస్తున్నట్టు కిందికి దించాలి. దారం జిగురు మధ్యలోంచి కోసుకుంటూ వస్తుంది, గోడను తాకదు. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుడుతూ తీసేయవచ్చు. టైలు మీదా, ఎనామిల్ చట్రం మీదా మిగిలిన జిడ్డుకు కొబ్బరినూనె పూసి పావుగంట ఆగి తుడిస్తే పోతుంది. డిస్టెంపర్ గోడకు మాత్రం నూనె తగలనివ్వకండి, ఆ మచ్చ మళ్ళీ రంగు వేసినా పైకి తేలుతుంది. పెట్రోలుతో తుడవడం ఎక్కడా వద్దు. నిప్పు ప్రమాదం ఒకటైతే, అది ఎనామిల్ రంగును కూడా మెత్తబరుస్తుంది.

ఇప్పటికే ఊడిన మీ గోడ పెచ్చుల గురించి ఒక మాట. వాటి అంచులను సన్నని ఇసుక కాగితంతో రుద్ది, పొడి దులిపి, లప్పం రెండు పలుచని పూతలుగా పూసి, ఆరాక మళ్ళీ రుద్దితే గుంట పూర్తిగా పూడుతుంది. పైన రంగు మాత్రం అదే పేరు, అదే నంబరు తెచ్చినా మచ్చగా కనబడుతుంది, ఎందుకంటే మిగతా గోడ రంగు ఎండకూ దుమ్ముకూ కొంత మారి ఉంటుంది. అందువల్ల మచ్చ మీద మాత్రమే వేయకుండా ఆ గోడను మూల నుంచి మూల వరకు ఒక పూత వేయించడమే సరైన పని. నాలుగు గోడల్లో ఒక్క గోడ అయితే ఖర్చు కొద్దిదే, అడ్వాన్సులో కోత కంటే తక్కువే అవుతుంది. ఇంటివారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పి, రంగు డబ్బా నంబరు వారి దగ్గరే అడిగి రాసిపెట్టుకోండి.